పరుగెత్తే నలుగురు, ఆగిపోయిన ముప్పై ఎనిమిది మంది

అమ్మాయికి,

నిన్న ఏడో తరగతి ఖోఖో పాఠం అయ్యాక వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నాం కదా, బెల్లు కొట్టేయడంతో సగంలోనే లేవాల్సి వచ్చింది. నువ్వు వెళ్తూ వెళ్తూ "ఏం సరిచేసుకోవాలో ఇంకా పూర్తిగా అర్థం కాలేదు సార్" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. మీ కాలేజీవాళ్లు ఇచ్చిన పరిశీలన ఫారంలో కంఠం, డ్రెస్సు, కమాండ్లు, క్లాసు కంట్రోలు అని గళ్లున్నాయి. వాటిలో మార్కులు వేసి సంతకం పెట్టేశాను. ఆ గళ్లలో పట్టని విషయం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నువ్వు బాగా చేసిన పని ఒకటి చెప్తాను. నిన్న చెప్తే మర్యాదకు అంటున్నానేమో అన్నట్టు తల వంచుకున్నావు. మర్యాదకు కాదు. మూడో గడిలో కూర్చున్న కళ్లజోడు కుర్రాడు గుర్తున్నాడా? మొదటిసారి ఖో అందగానే లేవబోయి వెనక్కి తూలాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నువ్వు నవ్వేవాళ్లను గదమాయించడానికి పోలేదు, "త్వరగా లేవరా" అని అరవనూ లేదు. ఆట ఆగిన క్షణంలో వాడి పక్కన నువ్వూ అలాగే కూర్చుని, వాడి మడమలు చూపించి, "బరువంతా ఇక్కడ పెట్టావు, వేళ్ల మీదకి తీసుకో" అన్నావు. అంతే, ఒక్క మాట. రెండోసారి ఖో అందినప్పుడు వాడు తూలకుండా లేచి మొదటి అడుగు ముందుకే వేశాడు.

అందులో ఎంత పనితనం ఉందో నీకు తెలియాలి. ఖోఖోలో కూర్చునే పద్ధతులు రెండున్నాయని మీకు థియరీలో చెప్పే ఉంటారు. పాదాలు రెండూ పక్కపక్కన సమంగా పెట్టే పారలల్ టో ఒకటి, ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కీ పెట్టి రన్నింగ్ రేసులో స్టార్టు తీసుకునేవాడిలా కూర్చునే బుల్లెట్ టో ఇంకొకటి. ఏ పద్ధతిలో కూర్చున్నా బరువు మడమల మీద ఉంటే లేవడానికి ముందు శరీరాన్ని ముందుకు తెచ్చుకోవాలి. ఆ అరక్షణంలో రన్నరు రెండు గళ్లు దాటిపోతాడు. చూసేవాళ్లకు వాడు మందకొడి అనిపిస్తుంది, తప్పు మాత్రం పాదంలో ఉంది. నువ్వు ఆ పాదాన్ని చూడగలిగావు. తప్పు ఎక్కడ మొదలైందో కనిపెట్టి, పిల్లవాడికి అర్థమయ్యే ఒక్క మాటలో చెప్పి, మళ్లీ చేసేటప్పుడు పక్కనే ఉండి చూశావు. ట్రైనింగులో ఉన్నవాళ్లలో ఇది చాలా అరుదుగా చూశాను.

డెమాన్‌స్ట్రేషన్ కూడా బాగుంది. ఖో ఇచ్చేది ఒకసారి పక్కనుంచి, ఒకసారి వెనకనుంచి చూపించావు. వీపు మీద అరచేయి ఆనించడమే గానీ తోయకూడదని నీ వీపు మీదే ఒక పిల్లతో చేయించి చూపావు. ఆ తరవాత ఆటలో ఎవరూ ఎవరినీ తోయలేదు. దాని గురించి ఇక రాయను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాఠం ఎలా జరిగిందని నేను అడిగితే, "లోపల ఆట బాగానే జరిగింది సార్, చుట్టూ ఉన్నవాళ్లే మాట వినలేదు, విజిల్ వేసి వేసి గొంతెండిపోయింది" అన్నావు. నువ్వు దాన్ని క్రమశిక్షణ సమస్య అనుకున్నావు. నాకు అలా అనిపించలేదు. ఎందుకో చెప్పడానికి నా నోటు పుస్తకంలో ఉన్నది నీ ముందు పెట్టాలి.

నేను పాఠం చూసేటప్పుడు టీచర్ని చూసే సమయం తక్కువ. వరసలోంచి ముగ్గురు పిల్లల్ని ముందే ఎంచుకుని, వాళ్ల కాళ్లు కదిలినప్పుడల్లా స్టాప్‌వాచ్ నొక్కుతాను, ఆగితే ఆపుతాను. నిన్న ఎంచుకున్నది ముందు వరసలోని పొడుగు కుర్రాడిని, నువ్వు సరిచేసిన కళ్లజోడు కుర్రాడిని, చివరి వరసలో నీలం రిబ్బన్లు కట్టుకున్న పిల్లని.

గ్రౌండులోకి వచ్చాక నీకు మిగిలింది నలభై నిమిషాలు. వరసలు, హాజరు కలిపి ఆరు నిమిషాలు. వార్మప్ ఆరు. వివరణ, డెమాన్‌స్ట్రేషన్ అయిదు. ఆట పదిహేడు. చివర్లో ఫైర్ ఇన్ ది మౌంటెన్ నాలుగు, డిస్మిస్ రెండు. పొడుగు కుర్రాడు మొత్తం మీద పదమూడు నిమిషాలు కదిలాడు. కళ్లజోడు కుర్రాడు ఏడు. నీలం రిబ్బన్ల పిల్ల అయిదున్నర. ఆ అయిదున్నరలో అయిదు వార్మప్‌లోనివే. ఖోఖో పాఠంలో ఆ పిల్ల ఖోఖో ఆడనే లేదు.

నిన్న ఈ మాట అనగానే నీ మొహం చిన్నబోయింది. అమ్మా, ఆ పిల్లని నువ్వు పక్కన పెట్టలేదు. నువ్వు ఎంచుకున్న ఏర్పాటు పక్కన పెట్టింది. అది ఎలా జరిగిందో మెల్లగా చూద్దాం.

నీ దగ్గర నలభై రెండు మంది ఉన్నారు. ఇద్దరు లీడర్లను పిలిచి జట్లు కోరుకోమన్నావు, జట్టుకు ఇరవై ఒక్కరు. నియమాల ప్రకారం పూర్తి కోర్టు గీసి, ఒక జట్టులోంచి తొమ్మిది మందిని ఛేజింగుకు తీసుకున్నావు. వాళ్లలో ఎనిమిది మంది గళ్లలో కూర్చుంటారు, ఒక్కరే తరుముతారు. ఎదుటి జట్టునుంచి ముగ్గురు రన్నర్లు. అంటే ఏ క్షణంలో చూసినా పరుగెత్తేది నలుగురే. ఎనిమిది మంది కూర్చుని ఉంటారు. ముప్పై మంది గీత అవతల నిలబడి ఉంటారు.

ఆ నలుగురు ఎవరన్నది కూడా చూడాలి. లీడర్లు కోరుకునేటప్పుడు మంచి ఆటగాళ్లు ముందు పోతారు, ఆ పిల్ల చివరికి మిగిలింది. రన్నర్లను ముగ్గురేసి చొప్పున పంపే వరసా లీడర్లే పెట్టారు, గెలవాలని గట్టివాళ్లను ముందు పెట్టారు. గట్టివాళ్లు త్వరగా దొరకరు కాబట్టి వాళ్లే ఎక్కువసేపు ఆడారు, వెనకున్న బ్యాచ్‌లకు వంతు రాకుండానే టైం అయిపోయింది. ఇటు ఛేజింగులో తొమ్మిది మందిలోకీ ఆ పిల్ల రాలేదు. చివరి ఆటలోనూ అంతే. ఫైర్ ఇన్ ది మౌంటెన్‌లో జత దొరకనివాళ్లు అవుట్, అవుటైనవాళ్లు పక్కన కూర్చోవాలి. ఆ పిల్ల మొదటి పిలుపుకే కూర్చుంది. పరుగు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే ముందుగా కూర్చోబెట్టే ఆటలివి.

కళ్లజోడు కుర్రాడి సంగతి ఇంకా గమనించదగ్గది. వాడు కోర్టు లోపలే ఉన్నాడు, పైకి చూస్తే ఆడుతున్నట్టే లెక్క. కానీ ఏడు నిమిషాల టర్నులో వాడికి ఖో అందింది రెండేసార్లు. నువ్వు అంత చక్కగా సరిచేసిన పాదాన్ని ఒక్కసారి వాడుకునే అవకాశమే వాడికి దొరికింది. ఒక్కసారి సరిగ్గా చేసినది అలవాటు కాదు. వచ్చే వారానికి వాడి బరువు మళ్లీ మడమల మీదకే పోతుంది.

ఇక గొడవ సంగతి. అది ఎక్కడ మొదలైందో నువ్వు చూసే వీలు లేదు, నువ్వు కోర్టు మధ్యలో అంపైరింగ్ చేస్తున్నావు. ఆట మొదలైన నాలుగో నిమిషందాకా బయటివాళ్లు కేకలేసి మరీ ఆట చూశారు. ఆ తరవాత పంపు వైపున్న ఇద్దరు ఒకళ్ల టోపీ ఒకళ్లు లాక్కున్నారు. ఆరో నిమిషానికి ఆ మూల అంతా పాకింది. కోర్టు లోపల ఒక్క పిల్లవాడూ అల్లరి చేయలేదు. అదీ నాకు దొరికిన ఆనవాలు. క్రమశిక్షణ లోపమైతే లోపలా బయటా కనిపిస్తుంది. బయట మాత్రమే కనిపిస్తే అది ఖాళీగా నిలబెట్టడంవల్ల వచ్చినది, ఎన్ని విజిళ్లు వేసినా పోదు. వయసు పన్నెండేళ్లు, ఎదురుగా గ్రౌండు, చేతికి పని లేదు. వాళ్లు చేసింది సహజమే.

కాబట్టి వచ్చే పాఠానికి నేను నిన్ను అడిగేది ఒక్కటే మార్పు. నోటు పుస్తకంలో ఇంకా నాలుగైదు విషయాలున్నాయి, వాటిని ఇప్పుడు చెప్పను. ఒక పాఠానికీ మరో పాఠానికీ మధ్య మనిషి నిజంగా మార్చుకోగలిగేది ఒకటి, మహా అయితే రెండు. అన్నీ చెప్తే నువ్వు అన్నింటినీ గుర్తుంచుకునే ప్రయత్నంలో నీకు బాగా వచ్చిన ఆ చూపును కూడా పోగొట్టుకుంటావు.

ఆ మార్పు ఇది. పెద్ద కోర్టు చెరిపెయ్. అదే స్థలంలో నాలుగు చిన్న కోర్టులు గియ్.

స్థలం చాలదేమోనని నిన్న అన్నావు. లెక్క వేసి చూడు. ఖోఖో కోర్టు ఇరవై ఏడు మీటర్ల పొడవు, పదహారు మీటర్ల వెడల్పు. చిన్న కోర్టు పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు చాలు. పొడవు వైపు రెండు పెడితే ఇరవై నాలుగు, మధ్యలో మూడు మీటర్ల ఖాళీ. వెడల్పు వైపు రెండు పెడితే పద్నాలుగు, మధ్యలో రెండు మీటర్లు. పక్కపక్క కోర్టుల పిల్లలు గుద్దుకోకుండా ఆ రెండు మీటర్లను మూడు చెయ్, మన గ్రౌండుకు అటు పక్క ఇంకా చోటుంది. ఒక్కో కోర్టు మధ్య గీత మీద నాలుగు గళ్లు. రెండు చివరలా కర్రలు పాతొద్దు, నాలుగు కోర్టులకు ఎనిమిది కర్రలు మన దగ్గర లేవు, ఏడో తరగతికి అవసరమూ లేదు. పోల్ ఉండాల్సిన చోట సున్నంతో చిన్న వృత్తం గీసి, దాన్ని చుట్టి తిరగాలని చెప్పు. ఈ గీతలన్నీ పీరియడ్ మొదలవకముందే ఉండాలి. క్లాసు వచ్చాక గీయడం మొదలుపెడితే పది నిమిషాలు అక్కడే పోతాయి.

కోర్టుకు పదిమంది. అయిదుగురు ఛేజర్లు, అయిదుగురు రన్నర్లు. నలభై రెండు మందిలో మిగిలే ఇద్దరినీ రెండు కోర్టులకు ఒక్కొక్కరిని అంపైర్లుగా పెట్టు, ప్రతి టర్నుకూ మార్చు. మిగతా రెండు కోర్టుల్లో ఫౌల్ అయితే వాళ్లే ఒప్పుకుంటారు, చాలాసార్లు పెద్దవాళ్లకన్నా నిజాయితీగా ఒప్పుకుంటారు. జట్లను లీడర్లకు వదలొద్దు. వరసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క చెప్పించి, ఒకట్లు ఒక కోర్టుకు, రెళ్లు ఒక కోర్టుకు పంపెయ్. అర నిమిషం పని. ఏ పిల్లా చివరికి మిగిలిపోయి తల వంచుకుని నిలబడే అవసరం ఉండదు.

టర్ను రెండు నిమిషాలే. ముగ్గురు రన్నర్లు ముందు దిగుతారు. ఒక నిమిషానికి నువ్వు విజిల్ వేస్తే వాళ్లలో ఇద్దరు బయటికొచ్చి, మిగిలిన ఇద్దరు లోపలికెళ్తారు. దొరికినవాళ్లు అవుటై కూర్చోకూడదు. కోర్టు బయటినుంచి చివరి గీత దాకా పరుగెత్తివచ్చి మళ్లీ లోపలికి దూకాలి, పట్టినవాళ్లకు ఒక పాయింటు. నియమాల పుస్తకంలో ఇలా లేదని నాకూ తెలుసు. టోర్నమెంటుకు టీమును తయారుచేసేటప్పుడు పుస్తకాన్నే పట్టుకుందాం. తరగతికి ఆట నేర్పేటప్పుడు మాత్రం నియమాలు పిల్లల లెక్కకు తగ్గట్టు వంగాలి. ఏవి వంగకూడదో కూడా చెప్తున్నాను. తరిమేవాడు దిశ మార్చకూడదు, మధ్య గీత దాటకూడదు, ఖో అందకుండా ఎవరూ లేవకూడదు, పక్కపక్కవాళ్లు ఎదురెదురు వైపులకు తిరిగి కూర్చోవాలి. ఇవి తీసేస్తే అది ఖోఖో కాదు, మామూలు ముట్టుకునే ఆట అయిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడు. ఒక్కో కోర్టులో ఒక ఛేజరు, ముగ్గురు రన్నర్లు కదులుతుంటే నాలుగు కోర్టుల్లో ఒకే సమయంలో పదహారు మంది. నిన్న నలుగురు. కూర్చున్నవాడికి నిన్న తొమ్మిదింట ఒక వంతు వచ్చింది, రేపు అయిదింట ఒకటి వస్తుంది. పదిహేడు నిమిషాల్లో ఆరు టర్నులు పడతాయి, అంటే అంపైరింగ్ వంతు వచ్చినప్పుడు తప్ప ప్రతి పిల్లా మూడుసార్లు ఛేజింగులో, మూడుసార్లు రన్నింగులో ఉంటుంది. నా అంచనాలో నీలం రిబ్బన్ల పిల్ల ఆటలోనే అయిదు నిమిషాల దాకా కదులుతుంది, వార్మప్‌తో కలిపి పది. పాఠంలో సగం సమయమైనా పిల్లలు కదలాలన్నది మన రంగంలో చాలాచోట్ల పెట్టుకున్న లక్ష్యం. నలభైలో సగం ఇరవై. అంత దూరం ఒక్క పాఠంతో పోలేం. కానీ అయిదున్నరనుంచి పదికి పోతాం, మిగతాది హాజరు దగ్గరా చివరి ఆట దగ్గరా తరవాత వెతుక్కుందాం.

ఏమేం తప్పిపోతుందో కూడా ముందే చెప్తాను, అప్పుడు కంగారు పడవు. నాలుగు కోర్టులకు ఒకేసారి నియమాలు వివరించబోతే ఎవరికీ వినపడదు. అందరినీ మొదటి కోర్టు చుట్టూ కూర్చోబెట్టి, ఆ పదిమందితో ఒక నిమిషం ఆడించి చూపి, తరవాత మిగతావాళ్లను పంపు. మొదటి టర్ను గజిబిజిగానే ఉంటుంది. పక్క కోర్టులోకి పరుగెత్తేవాళ్లుంటారు, ఎవరు ఎటు తిరిగి కూర్చోవాలో మరిచిపోయేవాళ్లుంటారు. దాన్ని చూసి ఏర్పాటు పనికిరాదనుకుని పెద్ద కోర్టుకు వెళ్లిపోకు. రెండో టర్నుకు సర్దుకుంటుంది. మూడో టర్నుకూ సర్దుకోకపోతే అప్పుడు గీతలో లోపం ఉన్నట్టు, వెళ్లి గీత చూడు.

నువ్వు నిలబడే చోటు కూడా మారాలి. నాలుగు కోర్టుల మధ్యలో నిలబడితే ఎప్పుడూ రెండు కోర్టులు నీ వెనక ఉంటాయి. గోడ వైపు అంచున నిలబడు, నలభై రెండు మందీ ఒకే చూపులో పడతారు. అంపైరింగ్ మానేశావు కాబట్టి నీ కళ్లు ఇప్పుడు ఖాళీ. వాటికే అసలు పని ఇవ్వాలి.

ఆ పని గురించి చెప్పి ముగిస్తాను. నిన్న ఆట జరిగేటప్పుడు చాలాసార్లు "వెరీ గుడ్" అన్నావు. ఎవరిని అన్నావో వాళ్లకు తెలియలేదు, ఎందుకన్నావో ఎవరికీ తెలియలేదు. పొడుగు కుర్రాడైతే ఒకసారి మధ్య గీత దాటి పట్టినప్పుడు కూడా ఆ మాట విని అది సరైనదే అనుకున్నాడు. అదే నోటితో కళ్లజోడు కుర్రాడికి చెప్పిన మాట ఎంత పని చేసిందో చూశాం. కాబట్టి ఈ పాఠానికి ఒక్క విషయమే పట్టుకో, కూర్చున్నవాళ్ల పాదాలు. అంచున నిలబడి నాలుగు కోర్టుల్లో మడమల మీద కూర్చున్నవాళ్లను వెతుకు. కనిపించినవాడి దగ్గరికి నడిచి వెళ్లి, వాడికి మాత్రమే వినపడేలా ఆ ఒక్క మాట చెప్పు, వాడికి మరోసారి ఖో అందేదాకా అక్కడే ఉండి చూడు, సరిగ్గా లేస్తే ఏది బాగుందో పేరు పెట్టి చెప్పి పక్క కోర్టుకు వెళ్లు. ఇప్పుడు ఖో తరచుగా అందుతుంది కాబట్టి ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. పాఠం అయ్యేలోపు ఎనిమిది మందిని సరిచేయగలిగితే చాలా పెద్ద పని చేసినట్టు. ఫౌళ్లు, డాడ్జింగ్, పోల్ టర్నింగ్ అన్నీ కళ్లబడతాయి, వాటిని వదిలెయ్.

స్టాప్‌వాచ్ గురించి ఒక్క మాట. అది కదలికను కొలుస్తుంది గానీ నేర్చుకోవడాన్ని కొలవదు. పది నిమిషాలూ తప్పుడు పాదంతో లేచినవాడు ఆ తప్పునే గట్టిచేసుకుంటాడు. అందుకే నిమిషాలు పెంచమని ఒక చేత్తో, పాదాలు చూడమని ఇంకో చేత్తో చెప్తున్నాను. రెండూ కలిస్తేనే పాఠం.

వచ్చే శుక్రవారం మూడో పీరియడ్ మళ్లీ ఏడో తరగతిదే, ఎండ ముదరకముందే అయిపోతుంది. బుధవారానికి లెసన్ ప్లాను తెచ్చి చూపించు. అందులో కోర్టుల బొమ్మ, నువ్వు ఎక్కడ నిలబడతావో గుర్తు, ఏ నిమిషానికి ఏ విజిలో ఉంటే చాలు, పేజీలు నింపొద్దు. సున్నం బస్తా స్టోరులో తలుపు వెనక ఉంది, తాళం చెవి అటెండరు దగ్గర తీసుకో. గీతలకు మొదటి పీరియడ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరిని పంపిస్తాను, కొలతల టేపు నేను తెస్తాను. శుక్రవారం కూడా ఆ ముగ్గురినే చూస్తాను. ఈసారి పాఠం అయ్యాక ముందు నేను మాట్లాడను. వాళ్లలో ఎవరు ఎంతసేపు కదిలారో నీ అంచనా చెప్పు, తరవాత నా పుస్తకం తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
మీ పీఈటీ సార్